48 గంటల గేమ్ జామ్: ఏది ముందు పూర్తి చేయాలి, ఏది తీసేయాలి

*"అన్నా, మేం ముగ్గురం. ఇద్దరికి కోడింగ్ వచ్చు, ఒకమ్మాయి బొమ్మలు వేస్తుంది. గోడాట్ వాడతాం. వచ్చే నెల 48 గంటల జామ్ ఉంది, శుక్రవారం సాయంత్రం 6కి మొదలై ఆదివారం సాయంత్రం 6కి అయిపోతుంది. పోయినసారి ఐడియా బాగానే ఉంది, కానీ ఆఖరికి మెనూ, సగం లెవెల్ తప్ప ఏమీ మిగల్లేదు, సబ్మిట్ కూడా చేయలేదు. ఎంత పెద్ద గేమ్ అనుకోవాలి? ఏది ముందు చేయాలి? టైమ్ చాలనప్పుడు ఏది తీసేయాలో ఎలా తెలుస్తుంది?"*

శుక్రవారం రాత్రి మీరు పడుకునే ముందే మీ గేమ్ itch.io సైట్‌లో ఆడటానికి వీలుగా ఉండాలి. బొమ్మల బదులు డబ్బాలున్నా, ఒకటే లెవెల్ ఉన్నా, శబ్దం లేకపోయినా పర్వాలేదు. కానీ స్టార్ట్ నొక్కితే ఆట మొదలవ్వాలి, ఓడిపోవడం కుదరాలి, గెలవడం కుదరాలి, మళ్లీ ఆడటం కుదరాలి, ఇదంతా బ్రౌజర్‌లో నడవాలి. ఆ తర్వాతి రోజున్నరలో మీరు చేసేదంతా ఆ పూర్తయిన చిన్న గేమ్‌ని బాగుచేయడమే. మెనూతో మొదలుపెట్టిన టీమ్‌లు మెనూతోనే ఆగిపోతాయి. ఎందుకంటే మెనూ ఎంత బాగున్నా ఆట బాగుందో లేదో అది చెప్పదు.

ఊరికే సూత్రాలు చెప్తే లాభం లేదు కాబట్టి ఒక థీమ్ తీసుకుని మొత్తం నడిపి చూపిస్తాను. జీఎమ్‌టీకే జామ్‌లో 2021లో ఇచ్చిన థీమ్ 'జాయిన్డ్ టుగెదర్', అంటే కలిసి ఉండటం, అతుక్కుని ఉండటం. దానికి నేనైతే ఇలా అనుకుంటాను: ఒకే తాడుకి కట్టేసిన రెండు మేకపిల్లలు వాగు దాటాలి. వాగులో బండలున్నాయి. ఒక మేక బండ మీద నిలబడితే రెండోది తాడు చివర గుండ్రంగా తిరుగుతుంది. తిరిగే మేక ఇంకో బండ మీదికి వచ్చినప్పుడు స్పేస్ నొక్కితే అది అక్కడ దిగుతుంది, ఇప్పుడు మొదటిది తిరగడం మొదలుపెడుతుంది. బండ లేనిచోట నొక్కితే నీళ్లలో పడ్డట్టే.

ఈ ఐడియాలో నాకు నచ్చేది దాని సైజు. ఆటగాడికి ఒకటే బటన్. లెవెల్ అంటే కొన్ని బండల్ని అటూ ఇటూ పెట్టడమే. శుక్రవారం 6 నుంచి 8 దాకా మీరు చేయాల్సింది ఇలాంటి ఐడియా పట్టుకోవడం. మొదటి అరగంట ఎవరికి వాళ్లు మాట్లాడుకోకుండా కాగితం మీద రాసుకోండి, తర్వాత కలపండి. ఎంచుకున్నదాన్ని 'ఆటగాడు ఇది చేస్తాడు, ఇలా గెలుస్తాడు, ఇలా ఓడిపోతాడు' అని ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. కథతో తప్ప చెప్పలేకపోతే అది ఇంకా గేమ్ కాలేదు. బాబా ఈజ్ యూ గేమ్ తెలుసు కదా. ఫిన్లండ్‌కి చెందిన ఆర్వి టెయికారి దాన్ని మొదట 2017లో నార్డిక్ గేమ్ జామ్‌లో 48 గంటల్లోనే చేశారు. తెర మీదున్న పదాల్ని తోస్తే ఆట నియమాలే మారిపోతాయి, ఆ ఒక్క ఆలోచనే దానికి ప్రాణం. 200కి పైగా లెవెల్స్‌తో పెద్ద గేమ్‌గా వచ్చింది 2019లో. జామ్‌లో చేయాల్సింది ఆ మొదటి భాగమే.

8 గంటలకి కోడింగ్ మొదలుపెట్టండి. మన మేకల గేమ్‌కి గుండెకాయ ఇంతే:

```gdscript
func _process(delta):
    angle += speed * delta
    mover.position = pivot.position + Vector2.from_angle(angle) * rope
    if Input.is_action_just_pressed("swap"):
        var stone = find_stone(mover.position)
        if stone == null:
            get_tree().reload_current_scene()
            return
        mover.position = stone.position
        angle = (pivot.position - mover.position).angle()
        var old = pivot
        pivot = mover
        mover = old
```

`find_stone` అనేది బండలన్నింటినీ చూసి, మేకకి 24 పిక్సెల్స్ లోపు ఏదైనా ఉంటే దాన్ని ఇస్తుంది, లేకపోతే `null` ఇస్తుంది. తాడు పొడవు `rope` 96 పిక్సెల్స్, వేగం `speed` 3 అనుకుందాం. దిగిన మేకని బండ మధ్యలోకి లాగే లైన్ ఒకటుంది చూశారా, `mover.position = stone.position` అని, అది చిన్నగా కనిపిస్తుంది గానీ చాలా ముఖ్యం. అది లేకపోతే ప్రతి గెంతుకీ కొన్ని పిక్సెల్స్ తేడా వస్తుంది, అవి కలుస్తూ పోయి నాలుగైదు బండల తర్వాత సరిగ్గా నొక్కినా మేక నీళ్లలో పడుతుంది. ఆడేవాళ్లకి గేమ్ మోసం చేసినట్టు అనిపిస్తుంది, కారణం మాత్రం వాళ్లకి దొరకదు.

రాత్రి 11కి ముగ్గురూ కూర్చుని ఆ డబ్బాల గేమ్ ఆడండి. పడిపోగానే చెప్పకుండానే మళ్లీ నొక్కాలనిపిస్తోందా? అనిపిస్తే ముందుకెళ్లండి. అనిపించకపోతే రెండో ఐడియాకి మారడానికి ఇదే ఆఖరి సమయం. 'బొమ్మలు వేస్తే బాగుంటుందిలే' అనే మాట ఎవరైనా అంటే అనుమానించండి. డబ్బాలతో విసుగొచ్చిన గేమ్ బొమ్మలతో కూడా విసుగే తెప్పిస్తుంది.

పడుకునే ముందు ఎక్స్‌పోర్ట్ చేయండి. గోడాట్‌లో దీనికి ఎక్స్‌పోర్ట్ టెంప్లేట్లు కావాలి, అది పెద్ద డౌన్‌లోడ్, కాబట్టి జామ్‌కి ముందు రోజే దించుకుని పెట్టుకోండి. ఎక్స్‌పోర్ట్ సెట్టింగుల్లో `Web` అనే ప్రీసెట్ ఒకటి చేసి, `build/web` ఫోల్డర్ కూడా చేసి పెట్టుకుంటే తర్వాత ఒక్క కమాండ్ చాలు:

```
godot --headless --export-release "Web" build/web/index.html
```

ఆ ఫోల్డర్ లోపలి ఫైల్స్‌ని జిప్ చేసి itch.io లో డ్రాఫ్ట్ పేజీకి ఎక్కించండి. జిప్ తెరవగానే `index.html` పైనే కనిపించాలి, ఇంకో ఫోల్డర్ లోపల ఉండకూడదు. శుక్రవారమే ఈ పని చేయమనేది ఎందుకంటే, బ్రౌజర్‌లో మాత్రమే బయటపడే తప్పులు కొన్ని ఉంటాయి. విండోస్‌లో `Goat.png`, `goat.png` ఒకటే అన్నట్టు నడుస్తుంది, ఎక్స్‌పోర్ట్ అయ్యాక అవి వేర్వేరు, మేక మాయమైపోతుంది. ఆటగాడు ఒకసారి క్లిక్ చేసేదాకా బ్రౌజర్ శబ్దం రానివ్వదు, కీబోర్డ్ కూడా గేమ్‌కి అందకపోవచ్చు. అందుకే 'క్లిక్ చేసి మొదలుపెట్టండి' అనే ఒక్క తెర తప్పనిసరి. మీకు కావాల్సిన మెనూ అదే, అంతకంటే వద్దు. ఇవి శుక్రవారం రాత్రి తెలిస్తే పది నిమిషాల పని, ఆదివారం 5:40కి తెలిస్తే టెన్షన్ తప్ప ఇంకేం చేయలేరు.

ఈలోగా బొమ్మలు వేసే అమ్మాయి ఖాళీగా కూర్చోకూడదు. శుక్రవారం రాత్రే సైజులు తేల్చేయండి: మేక 48 పిక్సెల్స్, బండ 64. ఆ సైజులో సాదా రంగు డబ్బాల్ని అసలు బొమ్మలకి పెట్టబోయే పేర్లతోనే సేవ్ చేసి గేమ్‌లో పెట్టండి. తను తర్వాత అదే పేరుతో బొమ్మ పెడితే ఎవరూ కోడ్ ముట్టుకోకుండానే మారిపోతుంది. కోడింగ్ చేసే ఇద్దరూ ఒకే సీన్ ఫైల్‌ని మార్చకండి. ఒక్కో లెవెల్ ఒక్కో సీన్, మెయిన్ సీన్ ఒకరి చేతిలోనే. లేకపోతే శనివారం మధ్యాహ్నమంతా గిట్‌లో గొడవ తీర్చుకోవడానికే సరిపోతుంది. ఇక నిద్ర. రెండు రాత్రులూ ఆరు గంటలు పడుకోండి, నిద్రలేని వాళ్లు రాసిన కోడ్‌ని ఆదివారం పొద్దున వాళ్లే చదవలేరు.

ఇప్పుడు ఎంత పెద్ద గేమ్ అన్న లెక్క. ఇది అందాజాగా కాదు, ఆట వేగం నుంచే తీయొచ్చు. వేగం 3 అంటే సెకనుకి 3 రేడియన్లు. ఎదురుగా ఉన్న బండ మీదికి వెళ్లాలంటే మేక అర చుట్టు తిరగాలి, అది సుమారు 3.14 రేడియన్లు, అంటే సెకను కంటే కొంచెం ఎక్కువ. తాడు చివర తిరిగే మేక వేగం 96 × 3, సెకనుకి 288 పిక్సెల్స్. బండకి అటు 24, ఇటు 24, మొత్తం 48 పిక్సెల్స్ దాటేలోపు నొక్కాలి. అంటే ఆటగాడికి దొరికేది సెకనులో ఆరో వంతు. చేసినవాళ్లకి అది తేలిక, ఎందుకంటే సాయంత్రం నుంచీ అదే నొక్కుతున్నారు. మొదటిసారి చూసేవాళ్లకి అది చాలా కష్టం. వేగం 2కి తగ్గించి, బండ పరిధి 32కి పెంచితే అదే సందు సెకనులో మూడో వంతు అవుతుంది, అంటే రెట్టింపు. ఒక అర చుట్టుకి సుమారు 1.6 సెకన్లు పడుతుంది. పది బండలున్న లెవెల్ తప్పులు లేకుండా ఆడితే 15, 16 సెకన్లు. ఎనిమిది లెవెల్స్ ఉంటే రెండు నిమిషాల పైచిలుకు, పడిపోతూ లేస్తూ ఆడితే ఐదారు నిమిషాలు.

మీ గేమ్ మొత్తం అంతే ఉండాలి. రేటింగ్ ఇచ్చేవాళ్లు వరసగా ఎన్నో గేమ్స్ చూస్తుంటారు, ఒక్కోదానికి కొన్ని నిమిషాలే ఇస్తారు. ఇరవై లెవెల్స్ చేస్తే చివరి పన్నెండు ఎవరూ చూడరు, ఆ టైమ్‌లో మీరు మొదటి లెవెల్‌ని బాగుచేసి ఉండొచ్చు. పని గంటల్లో చూసినా లెక్క ఇంతే వస్తుంది. నిద్ర, తిండి తీసేస్తే మనిషికి 48లో 28, 30 గంటలే మిగులుతాయి. అందులో మొదటి రెండు గంటలు ఐడియాకి, ఆఖరి ఐదు గంటలు అప్‌లోడ్‌కి, తప్పులు సరిచేయడానికి పోతాయి.

శనివారం పొద్దున మూడు లెవెల్స్ చేయండి. మొదటిది మూడే మూడు బండలు, అక్షరం ముక్క కూడా చదవకుండా ఆట అర్థమైపోవాలి. మధ్యాహ్నానికి మీ టీమ్‌లో లేని ఒకరిని పిలిచి ఆడించండి, చెల్లెలైనా, పక్క గది స్నేహితుడైనా. మీరు వెనక నిలబడి నోరు మూసుకోండి. 'ఇప్పుడు నొక్కు' అని ఒక్కసారి అన్నా ఆ పరీక్ష పాడైపోతుంది. చూడాల్సింది రెండే: మొదటిసారి ఎప్పుడు నొక్కారు, పడ్డప్పుడు ఎందుకు పడ్డారో వాళ్లకి తెలిసిందా. తెలియకపోతే వేగం తగ్గించకముందు తెర మీద కనిపించేది సరిచేయండి. మేక బండ మీదికి రాగానే బండ అంచు వెలగాలి. దానికి కోడ్ రెండు మూడు లైన్లే, కానీ మొత్తం ఆటని నేర్పించేది అదే.

ఇక తీసేయడం. శనివారం సాయంత్రానికి మీ దగ్గర కోరికల చిట్టా పెరిగి ఉంటుంది. అందరూ చేసేది ఒక్కోదానికి ఎన్ని గంటలు పడుతుందో అంచనా వేయడం. జామ్‌లో ఆ అంచనా ఎప్పుడూ తప్పుతుంది. దానికంటే నమ్మదగిన ప్రశ్న ఒకటుంది: ఇది చేర్చితే ఇప్పటికే పూర్తయినవాటిలో ఎన్నింటిని మళ్లీ తెరవాలి? ఒక ఫీచర్ ఖరీదు దాన్ని రాయడానికి పట్టే టైమ్ కాదు, అది మళ్లీ తెరిపించే పనే దాని ఖరీదు.

మేకల గేమ్‌లోనే చూడండి. ఒకరు తాడు సాగితే బాగుంటుంది అంటారు. కోడ్‌లో అది ఒక్క నంబర్ మార్చడమే, పావుగంటలో అయిపోతుందనిపిస్తుంది. కానీ మీ బండలన్నీ 96 పిక్సెల్స్ దూరంలో పెట్టి ఉన్నాయి. తాడు సాగిన మరుక్షణం ప్రతి లెవెల్‌లో దగ్గరదారి పుడుతుంది, కొన్ని దాటలేనివి అవుతాయి, అన్నీ మళ్లీ పెట్టి మళ్లీ ఆడించాలి. తీసేయండి. ఇంకొకరు కదిలే బండలు కావాలంటారు. నిలబడ్డ మేక బండతో పాటు కదలాలి, రెండు బండల మధ్య దూరం క్షణక్షణానికీ మారుతుంది, అందుకని మధ్యలోకి లాగే ఆ లైన్‌ కూడా మళ్లీ ఆలోచించాలి. అదీ తీసేయండి.

మునిగే బండ సంగతి వేరు. మేక దిగిన మూడు సెకన్లకి బండ మునుగుతుంది. దానికి ఒక టైమర్ చాలు, అది వాడిన లెవెల్స్‌కి తప్ప ఇంక దేనికీ సంబంధం లేదు. పూర్తయినవాటిలో ఏదీ తెరవక్కర్లేదు. ఉంచండి. ఐదో లెవెల్ నుంచి అదే కొత్తదనం.

మొసలి అన్నిటికంటే కష్టమైన బేరం, ఎందుకంటే బొమ్మలమ్మాయి దాన్ని అప్పటికే సగం గీసి ఉంటుంది. మొసలి ఈదాలంటే దారి కావాలి, నోరు తెరిచే బొమ్మలు కావాలి, కరిచే నియమం కావాలి, శబ్దం కావాలి, దాన్ని నేర్పించే లెవెల్ ఇంకొకటి కావాలి. ఇక్కడ వెంటనే వద్దనకండి, మొసలి నుంచి మనకి అసలు ఏం కావాలని అడగండి. ఒకేచోట ఎక్కువసేపు నిలబడితే భయం వేయాలి, అంతే కదా. ఆ పని మునిగే బండ ఇప్పటికే చేస్తోంది. కాబట్టి మునిగే బండ బొమ్మ తీసేసి దాని చోట మొసలి వీపు పెట్టండి. మేక దిగాక మూడు సెకన్లకి అది నీళ్లలోకి జారుకుంటుంది. కొత్త కోడ్ ఒక్క లైన్ లేదు, తను గీసిన బొమ్మ వృథా పోలేదు, ఆటకి గుర్తుండిపోయే విషయం ఒకటి దొరికింది. తీసేయడం కంటే ఇలా రెండింటిని ఒకటి చేయడం చాలాసార్లు మెరుగు. టీమ్‌లో మనస్పర్థలు కూడా రావు.

స్కోర్ బోర్డు, లెవెల్ ఎంచుకునే తెర, సెట్టింగ్స్, ఇద్దరు ఆడే మోడ్, మాటలతో కథ, ఇవి చర్చ లేకుండా పోతాయి. శబ్దం ఆపే బటన్ ఒక్కటి పెట్టండి చాలు.

శనివారం రాత్రి 10 తర్వాత కొత్త ఫీచర్ ఏదీ మొదలుపెట్టకండి. అప్పటికి ఎనిమిది లెవెల్స్ లేకపోతే ఆరే ఉంచండి. ఆరింటికి కుదించడం వల్ల గేమ్‌కి ఏమీ కాదు, కానీ చివరి రెండిటినీ సగం సగం చేసి వదిలితే రేటింగ్ ఇచ్చేవాళ్లకి గుర్తుండేది అవే. లెవెల్స్ వరస కూడా ఇప్పుడే చూసుకోండి: అన్నిటికంటే బాగా వచ్చింది మూడోదిగా పెట్టండి, ఆఖరికి దాచుకోకండి. ఆఖరిదాకా చాలామంది రారు.

ఆదివారం పొద్దున శబ్దాలు, మెరుపులు, బొమ్మలు. వరస ఇదే ఉండాలి. సంగీతం కంటే ముందు మూడు శబ్దాలు కావాలి: దిగినప్పుడు, నీళ్లలో పడ్డప్పుడు, ఒడ్డు చేరినప్పుడు. ఇలాంటివాటికి sfxr అనే చిన్న టూల్ ఉంది, 2007లో లూడమ్ డేర్ జామ్ కోసమే దాన్ని తయారుచేశారు. ఇప్పుడు బ్రౌజర్‌లో jsfxr గా దొరుకుతుంది. బటన్లు నొక్కుకుంటూ పోతే పది నిమిషాల్లో మూడూ వచ్చేస్తాయి. బయటి బొమ్మలు, పాటలు వాడాలంటే జామ్ నియమాలు ముందు చదవండి. లూడమ్ డేర్‌లోనే చూడండి, ఒంటరిగా చేసే కాంపోలో అన్నీ ఆ 48 గంటల్లో స్వయంగా చేయాలి, 72 గంటల జామ్ విభాగంలో అంత కట్టడి లేదు. మేక దిగినప్పుడు బండ కొంచెం కుంగి లేవడం, నీళ్లు చిమ్మడం, ఇవి ఎంత చేసినా మంచిదే, ఒక్క షరతు మీద: పడిపోయిన తర్వాత మళ్లీ మొదలవడానికి అర సెకను మించకూడదు. అందంగా మునిగే యానిమేషన్ రెండు సెకన్లు ఉంటే, పదోసారి పడ్డవాడు ట్యాబ్ మూసేస్తాడు.

మధ్యాహ్నం 1 తర్వాత కొత్త బొమ్మ కూడా వద్దు, తప్పులు సరిచేయడం మాత్రమే. తప్పుల్లో కూడా ఆట ఆగిపోయేవి ముందు, ముందుకి వెళ్లలేకుండా చేసేవి తర్వాత, చూడటానికి బాగోలేనివి ఆఖరు. 3 గంటలకి ఆఖరి బిల్డ్ ఎక్కించి, గేమ్ చేసిన కంప్యూటర్ కాకుండా వేరే ల్యాప్‌టాప్‌లో, వేరే బ్రౌజర్‌లో మొదటి నుంచి చివరి దాకా ఆడండి. itch.io ఫుల్‌స్క్రీన్ బటన్ కింద కుడి మూలన వస్తుంది, మీ అక్షరాలు అక్కడ ఉంటే దాని కింద పడిపోతాయి. గేమ్ సైజు 960 × 540 పెట్టుకుని, పేజీలో కూడా అదే ఇస్తే మామూలు ల్యాప్‌టాప్‌లో స్క్రోల్ చేయకుండా కనిపిస్తుంది. 3 తర్వాత ఏదైనా సరిచేస్తే పాత జిప్‌ని చెరిపేయకండి, కొత్తది చెడితే వెంటనే పాతది పెట్టొచ్చు.

5 గంటల లోపు పేజీ పని అయిపోవాలి. కవర్ బొమ్మ 630 × 500, అందులో తాడు, రెండు మేకలు స్పష్టంగా కనిపించాలి. ఏ బటన్ నొక్కాలో మొదటి లైన్‌లోనే రాయండి. పేజీ డ్రాఫ్ట్‌లో ఉంటే పబ్లిక్ చేయండి. ఇంకొకటి, గేమ్ ఎక్కించడం వేరు, జామ్‌కి సబ్మిట్ చేయడం వేరు. జామ్ పేజీకి వెళ్లి అక్కడ సబ్మిట్ నొక్కి, మీ గేమ్ ఎంట్రీల జాబితాలో కనిపిస్తోందో లేదో లాగౌట్ చేసిన బ్రౌజర్‌లో చూసుకోండి.